ఇందు అడగని వీడియో గేమ్

నానాజీ ఎవరినీ ఏమీ అడిగే రకం కాదు. అనకాపల్లి గవరపాలెంలో అతన్ని ఎరిగినవాళ్ళంతా మొదట చెప్పే మాట అదే. పెళ్ళిలో అలకపాన్పు మీద కూర్చోబెట్టి ఏం కావాలో కోరుకోమంటే, బుర్ర గోక్కుని మంచినీళ్ళు అడిగాడు. అత్తవారు నవ్వుకుని ఊరుకున్నారు గానీ, అతని తల్లి మరిడమ్మ ఆ మంచినీళ్ళ సంగతి పన్నెండేళ్ళుగా ఎత్తిపొడుస్తూనే ఉంది. నోరున్నోడిదే రాజ్యం, నీకు నోరే లేదు కదరా అంటుంది. నానాజీ పైకి విసుక్కునేవాడే తప్ప, లోపల ఆ పేరు అతనికి గర్వంగానే ఉండేది.

బీఎస్సీ కెమిస్ట్రీ చదివి పరవాడలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్‌గా చేరాడు. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఊళ్ళో ఉన్న కాస్త చెరుకు పొలం కౌలుకిచ్చేసి, తల్లినీ, భార్య కనకమహాలక్ష్మినీ, ఆరో తరగతి చదివే కూతురు ఇందునీ పట్నంలో పెట్టుకున్నాడు. సిగరెట్టు లేదు, మందు లేదు, పేకాట లేదు. ఇలాంటి మనిషికి ఒక్క కోరిక పుడితే అది ఎంత పెద్దదై కూర్చుంటుందో, అన్ని అలవాట్లూ ఉన్నవాళ్ళకి ఎన్నటికీ తెలియదు.

ఆ కోరిక కంపెనీ బస్సులో పుట్టింది. పక్క సీట్లో కూర్చునే పరదేశి ఒకరోజు బ్యాగులోంచి పలక లాంటి వస్తువొకటి తీశాడు. మధ్యలో తెర, రెండు పక్కలా మీటలు. నింటెండో స్విచ్ అని చెప్పి, పట్టుకో మామా అని చేతిలో పెట్టబోతే నానాజీ వద్దన్నాడు. వారం తిరక్కుండా తనే చెయ్యి చాపాడు. అందులో కార్ల పందెం ఉంది. కొండల మీద రోడ్డు, మలుపు దగ్గర కాస్త ఆలస్యమైతే కారు లోయలో పడిపోతుంది. పడితే ఏమవుతుందంటే, ఎత్తి మళ్ళీ రోడ్డు మీద పెట్టేస్తారు. ఎవరూ మెమో ఇవ్వరు, ఎవరూ వివరణ అడగరు. రోజంతా రియాక్టర్ ముందు నిలబడి, మీటరు ముల్లు కాస్త అటు జరిగితే గుండె జారే మనిషికి అది ఎంత హాయిగా తోచిందంటే, బస్సు లంకెలపాలెం దాటిందని కూడా తెలియలేదు.

ఎన్నాళ్ళని పక్కవాడిది అడిగి ఆడుకుంటాడు. తనకంటూ ఒకటి ఉండాలి. వైజాగ్‌లో బయటి దేశాలనుంచి తెచ్చి అమ్మేవాళ్ళున్నారు గానీ, ధర వాళ్ళ నోటికెంతొస్తే అంత. పరదేశి సింగపూర్‌లో ఉన్న అన్నచేత తెప్పించుకున్నాడు. నానాజీకి దుబాయ్‌లో బావమరిది ఉన్నాడు. కనకమహాలక్ష్మి తమ్ముడు దేవీప్రసాద్, ఏసీ మెకానిక్. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి సెలవు పెట్టి వస్తున్నాడు కూడా. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అని ఊరికే అనలేదు పెద్దలు. వస్తువుంది, తెచ్చే మనిషున్నాడు, బోనసు డబ్బులున్నాయి. అడగడమే మిగిలింది.

క్యాంటీన్‌లో టీ చల్లారబెట్టుకుంటూ ఫోన్‌లో మెసేజ్ మొదలుపెట్టాడు. ‘ప్రసాదూ, నాకొకటి కావాలి’ అని రాసి ఆగాడు. మీసాలున్న మగవాడు, ఓణీ వేసుకోబోతున్న పిల్లకి తండ్రి, ఆడుకునే వస్తువు తెమ్మంటున్నాడని దుబాయ్‌లో గదిలో నలుగురూ చదువుకుని నవ్వుకోవడం కళ్ళకి కట్టింది. బడి ఎగ్గొట్టి వీడియో గేముల కొట్లో దొరికిపోయినప్పుడు, తండ్రి చెవి పట్టుకుని బెల్లం మార్కెట్ పొడుగునా నడిపించిన చెయ్యి ఇంకా చెవిమీదే ఉన్నట్టనిపించింది. ‘నాకు’ అన్న మాట చెరిపేశాడు. ఆ చోట ‘ఇందు’ అని రాశాడు. ఆ తర్వాత వేళ్ళు ఆగలేదు.

‘ప్రసాదూ, ఇందు ఒకటి అడుగుతోంది. నింటెండో స్విచ్, ఓఎల్ఈడీ మోడల్. లైట్ మోడల్ వద్దు, అది టీవీకి తగలదు. స్విచ్ 2 వద్దు, బడ్జెట్ దాటిపోతుంది. మిడిల్ ఈస్ట్ సెట్ గానీ జపాన్ సెట్ గానీ ఏదైనా ఫర్వాలేదు, చైనా సెట్ మాత్రం వద్దు, దాని ఆన్‌లైన్ స్టోర్ వేరు. ఒక కార్ రేస్ గేమ్ కూడా, కార్డు రూపంలో ఉండేది. కొన్ని డబ్బాల్లో కార్డుకి బదులు కోడ్ రాసిన కాగితం ఉంటుంది, అది వద్దు, మన దేశంలో వాళ్ళ స్టోర్ లేదు. కొట్లోనే ఆన్ చేయించి, రెండు పక్కల మీటలూ తిన్నగా పనిచేస్తున్నాయో లేదో చూడు. బిల్లు ఉంచు. అన్నీ కలిపి ముప్పై ఐదు వేల లోపు. డబ్బులు నేను పంపుతాను.’

సాయంత్రానికి దేవీప్రసాద్ గొంతు రికార్డు చేసి పంపాడు. ఇందు అడిగిందంటే నీ దగ్గర డబ్బులు తీసుకుంటానా బావా, నేను మేనమామనా, కొట్టోడినా అన్నాడు. నానాజీ గబగబా, కాదు, డబ్బు ఇవ్వాల్సిందే అని రాశాడు. అవతలినుంచి నవ్వు బొమ్మ ఒకటి వచ్చింది. ఇంకోసారి గట్టిగా రాయాల్సిన చోట నానాజీ ఫోన్ జేబులో పెట్టేశాడు. మనిషి వచ్చాక చేతిలో పెట్టవచ్చులే అనుకున్నాడు. ఆ ‘లే’ దగ్గరే మంచివాళ్ళందరూ జారిపడేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాత్రుళ్ళు ఇందు పుస్తకాలు సర్దుకుంటుంటే ఆ పిల్ల మొహం చూడ్డానికి కాస్త ఇబ్బందిగా ఉండేది, అంతే.

ఫంక్షన్ వీధిలోనే, షామియానా కింద పెట్టుకున్నారు. ఓణీల వేడుకలో మేనమామ పళ్ళెమే అసలు ముచ్చట. పట్టులంగా, ఓణీ, గాజులు, పువ్వులు, పళ్ళు, వాటి నడుమ బంగారం. ప్రసాదు జుంకాలు తెస్తున్నాడని కనకమహాలక్ష్మి వీధంతా చెప్పుకుంది. కొంతకాలం కిందట అతనే ఫోన్‌లో జుంకాల ఫోటో పంపితే, అది పక్కింటివాళ్ళకీ, పై ఇంటివాళ్ళకీ చూపించింది. ఈ జుంకాల కబురు నానాజీ చెవిన పడకపోలేదు. ఆడవాళ్ళ మాటలు కదా అని పట్టించుకోలేదు.

దేవీప్రసాద్ పళ్ళెం తెచ్చి పీటల ముందు పెట్టాడు. పట్టులంగా ఉంది, ఓణీ ఉంది, పళ్ళున్నాయి. మధ్యలో మెరుపు కాగితం చుట్టిన అట్టపెట్టె ఉంది. ఆడవాళ్ళు మెడలు చాచారు. మరిడమ్మ మెడ చాచడంతో ఆగే మనిషి కాదు. పళ్ళు పక్కకి జరిపి, పువ్వులు ఎత్తి, కింద వెతికింది.

"సెవులకేటి తెచ్చేవు పెసాదూ?" అంది.

దేవీప్రసాద్ మొహం కందింది. జుంకాలు ఈసారి కుదరలేదనీ, ఇందు ఈ వీడియో గేమ్ కావాలని అడిగిందనీ, పిల్ల ముచ్చటపడ్డదే తెద్దామనుకున్నాననీ నెమ్మదిగా చెప్పాడు. షామియానా కింద ఒక్కసారి గుసగుసలు బయల్దేరాయి. దుబాయ్ మేనమామ బంగారానికి బదులు ప్లాస్టిక్ తెచ్చాడని ఎవరో నవ్వారు. కనకమహాలక్ష్మి తల దించుకుంది. జుంకాల ఫోటో చూసినవాళ్ళంతా ఎదురుగానే ఉన్నారు మరి.

పీటమీద కూర్చున్న ఇందు పెట్టె వైపు చూసి, మామ వైపు చూసింది.

"నేనడగలేదు మావయ్యా" అంది.

ఆ పిల్ల పొగరుగా అనలేదు, ఫిర్యాదుగా అనలేదు. బళ్ళో టీచర్ ఎవరి పుస్తకం ఇది అంటే, నాది కాదు అన్నట్టు అంది. దేవీప్రసాద్ కళ్ళు నానాజీ మీదకి వెళ్ళాయి. దొంగకి తేలు కుట్టినట్టయింది నానాజీకి. ఒక్క మాట చాలు. నేనడిగాను అంటే అయిపోయేది. కానీ వెనక తోడల్లుడి కుర్చీ, పక్కన కంపెనీవాళ్ళు, ముందు వీధి వీధంతా. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వచ్చింది అతను అనుకున్న మాట కాదు.

"పిల్లలు కదా, అడిగి మర్సిపోతారు" అన్నాడు.

అన్న క్షణంలోనే తెలిసింది తానేం చేశాడో. దేవీప్రసాద్ అందుకుని, అవునమ్మా, ఫోన్‌లో అన్నావు, నీకు గుర్తులేదు అని సర్దాడు. దాంతో అబద్ధానికి ఇద్దరు సాక్షులు కుదిరారు. ఇక మరిడమ్మని పట్టేవాళ్ళు లేరు. బంగారం కాదని బొమ్మల పెట్టె అడిగే పిల్లని ఎక్కడా చూడలేదంది. అడిగిందీ చాలక, నలుగురిలో మామ మాట అబద్ధం చేస్తుందా అంది. కనకమహాలక్ష్మి కూతురి వైపు వంగి, నాకు చెప్పకుండా మామయ్యని అడుగుతావా అని గొణిగింది. ఇందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తండ్రి వైపు ఒక్కసారే చూసింది. నానాజీ భుజం మీద కండువా సర్దుకున్నాడు. అది సర్దుకోవలసినంత జారలేదు.

అక్షింతలు పడ్డాయి, ఫోటోలు అయ్యాయి, మొదటి బంతి భోజనాలకి లేచారు. నానాజీ వడ్డించే నెపంతో అటూ ఇటూ తిరిగాడు. సాంబారు బకెట్ పట్టుకుని సాంబారు కావాలా అని ఒకరినే మూడుసార్లు అడిగాడు. ఎవరు నవ్వినా తన గురించే అనిపించింది. అలా అయితే బావుండును. వాళ్ళు నవ్వుతున్నది ఇందు గురించి, ప్రసాదు గురించి. తన గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనడం లేదు. అదే అతనికి మింగుడుపడలేదు.

నీళ్ళ డబ్బా కోసం ఇంట్లోకి వెళ్తే, లోపలి గదిలో దేవీప్రసాద్, ఇందు మంచం మీద కూర్చుని ఉన్నారు. మేనకోడలి మనసు మళ్ళించడానికి అతను పెట్టె విప్పాడు. దుబాయ్ ఛార్జర్‌కి మూడు పలక పిన్నులు, ఇక్కడి ప్లగ్గులో దూరవు. దానికి తగిలించే అడాప్టర్ కూడా తెచ్చాడు. తెర వెలిగింది. భాష అడిగితే ఇంగ్లీషు నొక్కారు. ఆ తర్వాత మీ ప్రాంతం ఏది అని అడిగింది. ఇందు ముక్కు చీదుకుంటూ జాబితా పైకీ కిందకీ జరిపింది. అమెరికా ఉంది, యూరప్ ఉంది, జపాన్ ఉంది, ఇండియా లేదు. మామాకోడళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు.

గుమ్మంలో నిలబడ్డ నానాజీ, యూరప్ నొక్కండి, తర్వాత మార్చుకోవచ్చు, వైఫై అడిగితే దాటేయండి అనేశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఇందు తలెత్తి చూసింది. చెప్పినట్టే నొక్కి, మిగతావన్నీ పూర్తి చేసి, దాన్ని మంచం మీద పెట్టి లేచి వెళ్ళిపోయింది.

నానాజీ మంచం పక్కన నిలబడి, డబ్బులు బీరువాలో ఉన్నాయి, ఇప్పుడే ఇచ్చేస్తాను అని మొదలుపెట్టాడు. దేవీప్రసాద్ ఛార్జర్ వైరు చుడుతూ అడ్డం వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు.

"బావా, నీ మెసేజ్ సూడగానే తెలిసిపోయింది. ఆరో తరగతి పిల్ల సైనా సెట్టు వద్దంటాదా? మా అమ్మకి ఫోన్ సేసి సెప్పేను. పన్నెండేళ్ళకి అల్లుడు నోరు తెరిసి ఒకటడిగేడు, పిల్ల పేరెట్టి అడిగేడు, ఇవ్వకపోతే అక్కడ కనకానికి మాటొత్తాది, జుంకాలు తరవాత సేయిద్దాం అంది."

"డబ్బులు పంపుతానని రాసేను కదరా" అన్నాడు నానాజీ. తన గొంతు తనకే పీలగా వినిపించింది.

"అల్లుళ్ళందరూ అలాగే రాత్తారు కదా బావా" అన్నాడు దేవీప్రసాద్.

అంతే. వైరు చుట్ట మీద రబ్బరు బ్యాండు వేసి పెట్టెలో పెట్టాడు.

నానాజీ మంచం మీద కూలబడ్డాడు. ఏ అల్లుళ్ళనైతే అతను కంపెనీ బస్సులో వెక్కిరించేవాడో, బండి కావాలి, ఏసీ కావాలి అని భార్యల పేరుతో, పిల్లల పేరుతో అత్తవారికి కబుర్లు పంపేవాళ్ళనైతే ఛీ అనేవాడో, ఆ వరసలో తనని నిలబెట్టారు. నిలబెట్టి, తిట్టలేదు. భయపడ్డారు. తన ఇంట్లో తమ పిల్ల మాట పడుతుందని అత్తగారు భయపడి, మనవరాలి చెవుల బంగారం ఆపేసింది. వాళ్ళకి ఆ భయం ఎందుకు కలగాలి అని రోషపడబోయాడు. రోషం రాలేదు. నిజాయితీగా అడిగే ఉద్దేశమే ఉంటే ‘నాకు’ అనే రాసేవాడు కదా.

బయట రెండో బంతి వేశారు. మరిడమ్మ, కనకమహాలక్ష్మి, దగ్గరి చుట్టాలు అందరూ ఆ బంతిలోనే. ఇందు తల్లి పక్కన కూర్చుని బూరె ముట్టకుండా విస్తరి చూస్తోంది. పక్కన ఎవరో, గేమ్ బాగుందా అమ్మా, జుంకాల కంటే బాగుందా అని ఆటపట్టిస్తున్నారు.

నానాజీ బంతి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. వడ్డనకి వచ్చాడనుకున్నారు.

"ఆ పెట్టె ఇందు అడగలేదు. నేనే అడిగేను. నా కోసం అడిగి, పిల్ల పేరు రాసేను" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పెద్దావిడొకామె ముచ్చటగా నవ్వింది. చూశారా, కూతుర్ని ఒక్క మాట అననివ్వడు, తప్పు తన మీదేసుకుంటున్నాడు అంది. తండ్రంటే అలా ఉండాలని ఇంకొకరన్నారు. మరిడమ్మ కూడా మెత్తబడి, సర్లేరా, చిన్నపిల్ల, ఇంకేం అననులే అంది. కనకమహాలక్ష్మి అతని వైపు ప్రేమగా చూసింది. ఆ చూపు అతను భరించలేకపోయాడు. నిజంగా నేనేనని మళ్ళీ అన్నాడు. మళ్ళీ నవ్వారు. ఎవరినీ ఏమీ అడగనివాడన్న మంచిపేరు ఉంది చూశారూ, అది అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ళు దాన్ని అతనే పెంచాడు మరి. ఇందు మాత్రం నవ్వలేదు. ఆ పిల్లకి తెలుసు. తెలిసినా, నోరు విప్పితే మళ్ళీ అబద్ధాలకోరే అవుతుంది.

నానాజీ ఇంట్లోకి వెళ్ళాడు. ఆ వస్తువూ, గేమ్ డబ్బా పట్టుకుని వచ్చాడు. బంతి చివర ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, అందరికీ ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. జరీ పంచె మోకాళ్ళ మధ్యకి దోపుకున్నాడు. డబ్బాలోంచి గేమ్ కార్డు తీసి, పైనున్న చిన్న మూత గోటితో ఎత్తి, లోపలికి నొక్కాడు. వెతుక్కోలేదు. రెండు బొటనవేళ్ళూ మీటల మీద వాటంతట అవే కూర్చున్నాయి. పందెం మొదలైంది, కార్ల చప్పుడు షామియానా కింద వినబడింది.

మొదట నవ్వారు. ఒక మలుపు, రెండు మలుపులు. నానాజీ ఒళ్ళు కుడికి వాలుతోంది, ఎడమకి వాలుతోంది, నాలిక పళ్ళ మధ్య ఇరుక్కుంది. అది నటించగలిగే సంగతి కాదు. చాలారోజులుగా ఆడుతున్నవాడి చేతులవి, ఆడాలని ఆబగా ఉన్నవాడి మొహమది. ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగినవాళ్ళున్నారు. వడ్డించేవాడు గరిట పట్టుకుని నిలబడిపోయాడు. తోడల్లుడు కంపెనీవాళ్ళ చెవిలో ఏదో చెప్పాడు. కనకమహాలక్ష్మి ముఖంలో ఇందాకటి ప్రేమ మెల్లగా తగ్గి, ఆ చోట ఏదో లెక్క కుదిరిన వాలకం వచ్చింది. ఆమె తల తిప్పి తమ్ముడి వైపు చూసింది. దేవీప్రసాద్ నేల చూశాడు.

నానాజీకి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. చెవులు మండిపోతున్నాయి. లేచి పారిపోవాలని ఉంది. పందెం సగంలో ఆపితే మళ్ళీ నమ్మరేమోనని ఆడుతూనే ఉన్నాడు. బస్సులో అంత హాయిగా ఉన్న ఆట ఇప్పుడు ఎంతకీ అవడం లేదు.

"సిగ్గు లేదేటిరా నీకు?" అంది మరిడమ్మ.

"ఉందమ్మా" అన్నాడు నానాజీ, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

ఇందు తల పైకెత్తింది. తండ్రి వైపు చూడలేదు. ఎడంచేత్తో ఓణీ భుజం మీదకి లాక్కుని, నానమ్మకేసి తిరిగింది.

"నేనడగలేదని ముందే సెప్పేను కదా నానమ్మా" అంది.